పేపరు 3:15కి, రైలు 5:40కి

సెమినార్‌లో పేపరు చదివే సమయం మార్చమని కన్వీనర్‌ను అడగడానికి చాలామంది మొహమాటపడతారు. నిర్వాహకులకు ఇబ్బంది పెడుతున్నామని వారి బాధ. నిజానికి ఈ చిక్కు తెచ్చిపెట్టేది క్యాలెండరే. 2024 నవంబరు 1 నుంచి రైల్వే రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటున్నాయి. తిరుపతి వంటి ఊరి నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే ముందే తీసుకోవాలి. ఎవరు ఏ పూట, ఎన్నో వరసలో మాట్లాడతారన్న పట్టిక మాత్రం చాలా సెమినార్లలో ఆఖరి వారంలోగానీ తేలదు. అప్పటికి టికెట్ జేబులో ఉంటుంది.

తత్కాల్ ఉంది కదా అంటారు. అది ప్రయాణానికి ముందు రోజు తెరుచుకుంటుంది, ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. రెండు రోజుల సెమినార్‌కు వచ్చినవారు సరిగ్గా ఆ వేళకు ప్రారంభ సభలో కూర్చుని ఉంటారు. దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బూ తిరిగి రాదు. అందుకే టికెట్ మార్చడం కంటే పేపరు వేళ మార్చడమే తేలిక. ఎలా అడగాలన్నదే అసలు సంగతి.

నేను తిరుపతిలో తెలుగు అధ్యాపకుడిగా ఉన్నప్పుడు మా కాలేజీ జాతీయ సెమినార్‌కు కన్వీనర్‌గా పనిచేశాను. పట్టిక పంపిన మర్నాడే వరంగల్ నుంచి పేపరు ఇస్తున్న ఒక అధ్యాపకురాలి దగ్గర నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది: ‘రెండో రోజు సాయంత్రం నాకు రైలు ఉంది. దయచేసి నా పేపరును ఉదయానికి మార్చగలరు.’

మర్యాదగానే ఉంది. కానీ దాంతో నేను ఏమీ చేయలేకపోయాను. ఆవిడ పేపరు ఆరో సమావేశంలో నాలుగోది. ఆ సమావేశం 2:15కి మొదలవుతుంది. ఒక్కో పేపరుకు 15 నిమిషాలు, ప్రశ్నలకు 5 నిమిషాలు. ఆ లెక్కన ఆవిడ వంతు 3:15కి వచ్చి 3:35కి ముగియాలి. రైలు ఎన్నింటికో మెయిల్‌లో లేదు. ‘సాయంత్రం’ అంటే నాలుగూ కావచ్చు, ఏడూ కావచ్చు. పైగా ఉదయం సమావేశాలు కవిత్వానివి, ఆవిడది కథ మీద పేపరు. అక్కడికి మార్చాలంటే ఒక సమావేశం నుంచి తీసి, మరో అధ్యక్షుడిని ఒప్పించి, ఇంకొకరిని మధ్యాహ్నానికి పంపాలి. అంత అవసరమా అన్నదే నాకు తెలియలేదు. ఫోన్ చేశాను.

రైలు 5:40కి అన్నారావిడ. మా కాలేజీ నుంచి స్టేషన్‌కు సాయంత్రం రద్దీలో ఆటోలో 40 నిమిషాలు పడుతుంది. అరగంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండాలనుకుంటే 4:30కి గేటు దాటాలి. పట్టిక ప్రకారం 3:35కే పేపరు అయిపోతుంది కాబట్టి కాగితం మీద చిక్కే కనిపించదు. కానీ సెమినార్లు నడిపినవారికి తెలుసు, ఉదయం అతిథి రాక పావుగంట ఆలస్యమైతే అది టీ దగ్గర అరగంట అవుతుంది, భోజనాల తర్వాత ముప్పావుగంటో గంటో అవుతుంది. గంట జరిగితే ఆవిడ పేపరు ముగిసేసరికి 4:35. ఆ ఐదు నిమిషాల కోసమే ఆవిడ ఆందోళనంతా.

అలాంటప్పుడు ఉదయానికి మార్చడమెందుకు? అదే సమావేశంలో నాలుగో పేపరు మొదటిదైతే చాలు. గంట ఆలస్యమైనా 3:35కి అయిపోతుంది. ఆటోకు ఇంకా 55 నిమిషాలు చేతిలో ఉంటాయి. సమావేశం మారదు, అధ్యక్షుడు మారడు, అంశం మారదు. మారేది వరస ఒక్కటే. మొదటి పేపరు మా ఊరి పరిశోధక విద్యార్థిది. అడిగితే, ‘నాదేముంది సార్, ఎప్పుడైనా పర్లేదు, మేడమ్ గారిని ముందు చదవమనండి’ అన్నాడు.

ఈ లెక్కంతా మొదటి మెయిల్‌లోనే ఉండి ఉంటే ఫోన్ అవసరం ఉండేది కాదు. ఆవిడ తరఫున నేనే రాయాల్సి వస్తే ఇలా రాసేవాణ్ణి:

‘కన్వీనర్ గారికి, నమస్కారం. రెండో రోజు ఆరో సమావేశంలో నాలుగో పేపరు నాది. శీర్షిక: రాయలసీమ కరువు కథల్లో వలస. ఆ సాయంత్రం 5:40కి తిరుపతి నుంచి వరంగల్‌కు నా రైలు. మర్నాడు ఉదయం మా కాలేజీలో సెమిస్టర్ పరీక్షల డ్యూటీ ఉన్నందున ప్రయాణం వాయిదా వేసుకోలేను. నేను 4:30కల్లా సభాస్థలి నుంచి బయలుదేరాలి. చర్చలు కొంత సాగినా ఇబ్బంది రాకుండా, అదే సమావేశంలో నా పేపరును మొదట పెట్టే వీలుందా? అది కుదరకపోతే ఆ రోజు ఉదయం ఎక్కడ చోటున్నా సిద్ధమే. ఏదీ కుదరని పక్షంలో ఉన్న వరసలోనే ఉంటాను, 10 నిమిషాల్లో ముగిస్తాను. టికెట్ కాపీ జతచేశాను.’

ఇందులో ముఖ్యమైనది 4:30 అన్న అంకె. రైలు వేళ ఒక్కటే చెబితే ప్రయాణ దూరం, రద్దీ కన్వీనరే ఊహించుకోవాలి. బయలుదేరాల్సిన వేళ చెబితే పట్టిక పక్కన పెట్టి చూసుకోగలడు. ‘మీ సమావేశాలు ఆలస్యమవుతాయి’ అని ఎవరితోనూ అనలేం. ‘చర్చలు కొంత సాగినా’ అన్న మాట ఆ భయాన్ని ఎవరినీ నొప్పించకుండా చెబుతుంది. ఆఖరి వాక్యాలు కన్వీనర్‌కు ఊపిరి ఇస్తాయి. కాదనాల్సి వచ్చినా సెమినార్‌కు ఒక పేపరు తగ్గదని తెలుస్తుంది.

సర్టిఫికెట్ సంగతి ఈ ఉత్తరంలో కలపకూడదు. ముగింపు సభ 4 గంటలకు, సర్టిఫికెట్లు ఇచ్చేది అక్కడే. ముందు వెళ్లిపోయేవారికి కాలేజీలో ఓడీ కోసం హాజరు పత్రం కావాలి. దాన్ని చూసేది రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరివారు. వాళ్లకు విడిగా ఒక మాట చెప్పి, మధ్యాహ్న భోజనం వేళకే సంతకం చేయించి ఉంచమనాలి. రెండు విన్నపాలూ ఒకే ఉత్తరంలో ఉంటే కన్వీనర్ మొదటిదానికి జవాబిచ్చి రెండోది మరచిపోతాడు. నేనూ మరచిపోయాను. ఆవిడకు సర్టిఫికెట్ తర్వాత పోస్టులో పంపాల్సి వచ్చింది.

కన్వీనర్ ‘సరే’ అన్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. పట్టిక ముందే అచ్చుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆ రోజు భోజనాల తర్వాత ఆవిడ తన పెన్‌డ్రైవ్‌తో రెండు గంటలకే హాలుకు వచ్చారు. అధ్యక్షులు ఫైలు తెరిచారు. అందులో ఉన్నది పాత పట్టికే. మొదటి పేరుగా విద్యార్థిదే ఉంది. ఆవిడ నా జవాబు మెయిల్‌ను ఫోన్‌లో చూపించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి, ఎర్ర పెన్నుతో నాలుగో పేరు నుంచి పైకి ఒక బాణం గీశారు.

సమావేశం 2:50కి మొదలైంది. ఆవిడ పేపరు, ప్రశ్నలు కలిపి 3:15కి అయ్యాయి. తర్వాత ఆ విద్యార్థి పేపరు కూడా కూర్చుని విన్నారు, ఒక ప్రశ్న అడిగారు. 4:20కి గేటు దగ్గర ఆటో ఎక్కారు.