దారి తప్పిన అక్షరాలు

గత రమజానులో మా బంధువర్గంలోని ఒక పెద్దాయన కుటుంబ సభ్యులందరినీ ఇఫ్తార్‌కు ఆహ్వానిస్తూ ఫోనులో ఒక సందేశం పంపారు. ఆయన వ్రాయదలచినది "Iftar 6.30, maa intlo. Andaru randi" అని. మాకు అందినది "After 6.30, maa intlo. Andaru randi" అని. పెద్దలకు ఏదో పని ఉండి ఆరున్నర దాటాక రమ్మన్నారని భావించి మేమందరం ఎవరి ఇళ్లలో వారు ఉపవాసం విరమించి, కడుపు నిండాక, ఏడు దాటిన తర్వాత తీరికగా వెళ్ళాము. అక్కడ దస్తర్‌ఖాన్ మీద ముప్ఫై మందికి సరిపడా ఖర్జూరాలు, పండ్ల ముక్కలు, హలీమ్ పేర్చి పెట్టుకుని ఆ దంపతులిద్దరూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంతకీ ఫోను ఇలా ఎందుకు చేసింది? దాని లోపల ఒక పదకోశం ఉంటుంది. మనం కొట్టిన మాట అందులో లేకపోతే, దానికి దగ్గరగా ఉన్న మాటల కోసం అది వెదుకుతుంది. ఎన్ని అక్షరాలు మారిస్తే ఆ మాట వస్తుందో, మారిన అక్షరాలు కీబోర్డు మీద పక్కపక్కన ఉన్నాయో లేదో, ఆ మాట జనం ఎంత తరచుగా వాడేదో లెక్క చూస్తుంది. Iftar లోని రెండు అక్షరాలు మారిస్తే After అవుతుంది. I, A అనే అక్షరాలు కీబోర్డు మీద దూరదూరంగా ఉన్నా, After అనేది అతి సాధారణమైన ఇంగ్లీషు మాట. పైగా వెనువెంటనే గడియారపు అంకె ఉంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పదకోశానికి ఇంతకన్నా సబబైన మాట మరొకటి తోచదు. తెలుగునూ ఉర్దూనూ ఇంగ్లీషు లిపిలో వ్రాసే మన ఇళ్లలో ఈ పొరపాటు తరచుగా జరగడానికి కారణం ఇదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఫోను ఆ మాటను అర్థంలేని అక్షరాల కుప్పగా మార్చి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు. ఏమిటిది అని తిరిగి అడిగేవారు, అంతే. తప్పు మాట కూడా ఒప్పు మాటంత నిండుగా, ధీమాగా నిలబడినప్పుడే నవ్వు పుడుతుంది.

దీనికి 2008లో బ్రిటన్‌లోని వేల్స్‌లో జరిగిన సంఘటన చక్కని ఉదాహరణ. అక్కడ రోడ్డు సూచికలు ఇంగ్లీషులోనూ వెల్ష్ భాషలోనూ ఉంటాయి. స్వాన్సీ నగర పాలక సంస్థ వారు భారీ వాహనాలకు ప్రవేశం లేదని తెలిపే బోర్డు కోసం ఆ వాక్యాన్ని అనువాదకునికి ఈమెయిల్‌లో పంపారు. వెంటనే వెల్ష్ భాషలో జవాబు వచ్చింది. దానినే అనువాదమనుకుని బోర్డు మీద వ్రాయించి రోడ్డు పక్కన నిలబెట్టారు. వెల్ష్ తెలిసినవారు చదివితే తెలిసింది ఏమంటే, "నేను ప్రస్తుతం కార్యాలయంలో లేను. అనువదించవలసినది ఏదైనా ఉంటే పంపండి" అని! అనువాదకుడు సెలవులో ఉన్నప్పుడు కంప్యూటరు తనంతట తాను పంపే జవాబు అది. వ్యాకరణ దోషం లేదు, అక్షర దోషం లేదు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన వారికి అందులో నవ్వవలసినదేమీ కనిపించదు. వెల్ష్ మాత్రమే చదివినవారు తికమకపడతారు. రెండు వాక్యాలనూ ఒకే చూపులో చదవగలిగినవారికే ఆ నవ్వు దక్కుతుంది.

మన వీధుల్లో ఈ పనిని ఎండావానలే చేస్తాయి. "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అన్న బోర్డులో చివరి అక్షరం రాలిపోతే "ఇచ్చట వాహనములు నిలుపరా" అని మిగులుతుంది. గంభీరమైన గ్రాంథికంలో నిషేధించిన బోర్డే చనువుగా 'రా' అని పిలిచి బండి పెట్టుకోమంటుంది! అదే మాటను ఎవరైనా కావాలని వ్రాసి ఉంటే మనం పెదవి విరిచేవాళ్ళం. నవ్వించాలన్న ప్రయత్నం కనబడగానే మనసు పరీక్షకుని స్థానంలో కూర్చుంటుంది. ఇక్కడ ప్రయత్నమే లేదు. తమాషా చేస్తున్నానన్న సంగతి బోర్డుకే తెలియదు.

పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో ఒక వివరణ ఇచ్చారు. ఏదో ఒక నియమం తప్పాలి. అయితే ఆ తప్పు హానిలేనిదని కూడా అదే క్షణంలో మనకు తోచాలి. అప్పుడే నవ్వు వస్తుందని వారి భావన. మా ఇఫ్తార్ విషయంలో ఇది అక్షరాలా కనిపించింది. గుమ్మంలో అడుగుపెట్టి, ఎదురుచూసి అలసిన ఆ ముఖాలను చూసిన క్షణంలో మాలో ఎవరికీ నవ్వు రాలేదు. సిగ్గు కలిగింది. అదే పొరపాటు మందుల మోతాదులోనో, జనాజా సమయంలోనో జరిగి ఉంటే ఎన్నటికీ నవ్వు వచ్చేది కాదు.

ఆ పెద్దాయన ఫోను తెరిచి, తాను పంపినదాన్ని తానే బిగ్గరగా చదువుకున్నారు. ఒక్క క్షణం ఆగి, "నేను రమ్మన్న వేళకే వచ్చారుగా, మీ తప్పేముంది!" అంటూ ఆయనే ముందుగా నవ్వారు. ఆ తర్వాతే మేము నవ్వగలిగాము. మనవడు ఫోను అందుకుని దాని పదకోశంలో Iftar అన్న మాటను చేర్చి ఇచ్చాడు. హలీమ్ మాత్రం తరావీహ్ నమాజు తర్వాత మళ్ళీ వేడి చేయించుకుని, గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాము.