పీత లేని పీత ముక్కలు

అమెరికాలో సూపర్ మార్కెట్లలో చవకగా దొరికే క్యాలిఫోర్నియా రోల్ సుషీని చూస్తే, మధ్యలో అవకాడో, కీరదోస ముక్కల పక్కన తెల్లగా, ఒక అంచున మాత్రం ఎర్రగా ఉండే ముక్క ఒకటి కనిపిస్తుంది. పీత మాంసం అనుకునే చాలామంది దాన్ని తింటారు. నిజానికి అది ఎక్కువసార్లు చేప. హైదరాబాద్‌లోని సుషీ రెస్టారెంట్లలోనూ, నగరాల్లోని పెద్ద దుకాణాల ఫ్రీజర్లలో ‘క్రాబ్ స్టిక్స్’ పేరుతో అమ్మే ప్యాకెట్లలోనూ సాధారణంగా ఉండేది ఇదే.

పీత బదులు చేప తిన్నంత మాత్రాన చాలామందికి వచ్చే నష్టమేమీ లేదు. చిక్కంతా అలర్జీ ఉన్నవాళ్లకే. చేప పడనివాళ్లు ‘ఇది పీతే కదా’ అని ధైర్యంగా తినేస్తారు. రొయ్యలు, పీతలు పడనివాళ్లు ‘ఇది ఉత్తుత్తి పీతే కదా’ అనుకుని తింటారు. ఇద్దరూ పొరబడే అవకాశం ఉంది. ఎందుకో తెలియాలంటే ఆ ముక్క ఎలా తయారవుతుందో చూడాలి.

దీనికి మూలపదార్థం సూరిమి. చేపను కీమా కొట్టి, కడిగి, పిండి, గడ్డకట్టించిన ముద్ద అది. జపాన్‌లో చేప ముద్దను ఆవిరి మీద ఉడికించి చేసే కామాబొకో వంటకాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో సూరిమికి ఎక్కువగా వాడేది ఉత్తర పసిఫిక్‌లో దొరికే అలాస్కా పొలాక్ చేప. మన దేశంలో పడమటి తీరాన రత్నగిరి, వెరావల్ వంటి చోట్ల సూరిమి ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ వాడే చేపల్లో ముఖ్యమైనది థ్రెడ్‌ఫిన్ బ్రీమ్. కేరళవాళ్లు కిళిమీన్ అని పిలిచే గులాబీ రంగు చేప ఇదే.

చేప తల, పేగులు తీసేశాక యంత్రం ముళ్లు, చర్మం వేరుచేసి కండను కీమాగా ఇస్తుంది. ఆ కీమాను అయిదు నుంచి పది డిగ్రీల చల్లని నీళ్లలో రెండు మూడు సార్లు కడుగుతారు. నెత్తురు, కొవ్వు, నీచువాసన, నీళ్లలో కరిగే ప్రొటీన్లు చాలావరకు నీళ్లతో పోతాయి. మిగిలేది కండరాల్లోని తెల్లటి, రుచీ పచీ లేని ప్రొటీన్. దాన్ని గట్టిగా పిండి నీరు తీసేస్తారు. నాలుగయిదు కిలోల చేపకు ఒక కిలో సూరిమి వస్తే బాగా వచ్చినట్టే.

అయితే ఈ ముద్దను అలాగే ఫ్రీజర్‌లో పెడితే ప్రొటీన్ పాడైపోతుంది. తర్వాత వేడి చేసినా సాగే గుణం రాదు, పొడిపొడిగా విడిపోతుంది. 1960 ప్రాంతంలో జపాన్‌లోని హొక్కయిడో మత్స్య పరిశోధకులు దీనికి మందు కనిపెట్టారు. ఆ మందు చక్కెర. ఇప్పుడు నూటికి నాలుగు పాళ్లు చక్కెర, మరో నాలుగు పాళ్లు సార్బిటాల్, కొద్దిగా పాలిఫాస్ఫేట్ కలిపి, పది కిలోల దిమ్మలుగా గడ్డకట్టించడం మామూలు పద్ధతి. సముద్రం మీద ఓడలోనే తయారైన దిమ్మలు నెలల తర్వాత వేరే దేశంలో పీత ముక్కలుగా మారగలుగుతున్నాయంటే ఆ చక్కెర చలవే.

సూరిమి దిమ్మ క్రాబ్ స్టిక్‌గా మారేది రెండో ఫ్యాక్టరీలో. జపాన్‌లోని ననావో పట్టణానికి చెందిన సుగియో కంపెనీ 1972లో పీత తునకల్లా ఉండే సరుకును మార్కెట్లోకి తెచ్చింది. కడ్డీ రూపం 1974లో హిరోషిమాలోని ఒసాకి సుయిసాన్ కంపెనీ చేతిలో వచ్చింది. పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. దిమ్మను ముక్కలు చేసి ఉప్పు వేసి రుబ్బుతారు. ఉప్పు తగలగానే కండరాల ప్రొటీన్ కరిగి జిగురుగా మారుతుంది. గంజిపిండి, గుడ్డు తెల్లసొన, నీళ్లు, నూనె, చక్కెర, పీత రుచినిచ్చే పదార్థం ఆ తర్వాత పడతాయి. ఈ జిగురు ముద్దను వేడి బెల్టు మీదకు పలచని పొరగా పోస్తారు. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీసినట్టే ఉంటుంది, పొర మాత్రం దానికంటే బాగా మందం. ఉడికిన పొర మీద గాళ్లున్న రోలర్ నడిచి దాన్ని సన్నని పోగులుగా చీలుస్తుంది. ఆ పొరను చుట్టి తాడులా చేసి, ఒక వైపు ఎర్ర రంగు పూసి, ప్లాస్టిక్ పొరలో చుట్టి ముక్కలుగా కోస్తారు. చివర ప్యాకెట్‌లో గాలి తీసేసి మళ్లీ ఉడికిస్తారు.

ఇంట్లో ఒక ముక్క తీసుకుని చూస్తే ఇదంతా కళ్లకు కనిపిస్తుంది. ముందు ప్రతి కడ్డీకి విడిగా చుట్టిన పలచని ప్లాస్టిక్ పొరను ఒలిచేయాలి. పారదర్శకంగా ఉండటంతో అది ఉందని తెలియక పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదముంది. తర్వాత కడ్డీని విప్పితే చాపచుట్టలా తెరుచుకుంటుంది, పొడుగాటి పోగులు విడివడతాయి. ఎర్ర రంగు పైన మాత్రమే ఉంటుంది, లోపలంతా తెలుపే. నిజమైన పీత కాలి మాంసంలో పోగులు ఇంత సమానంగా ఉండవు.

ఇక ఎవరు జాగ్రత్తపడాలన్న మాటకొద్దాం. ఈ వంటకంలో ప్రతి దినుసుకూ ఒక పనుంది, ప్రతి దినుసుకూ అది పడని మనిషి ఉన్నాడు.

మొదటివాళ్లు చేప అలర్జీ ఉన్నవాళ్లు. చేప అలర్జీకి ముఖ్య కారణం పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్. అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి కడిగినప్పుడు చాలావరకు పోతుంది, కానీ పూర్తిగా పోదు. వేడికి కూడా లొంగదు. అందుకే ‘కడిగిన చేపే కదా’ అన్న ధీమా పనికిరాదు. సూరిమి తిన్నప్పుడు కూడా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం వంటివి రావచ్చు.

రెండోవాళ్లు రొయ్యలు, పీతలు పడనివాళ్లు. వీళ్ల ఒంటికి పడనిది ట్రోపోమయోసిన్ అనే వేరే ప్రొటీన్. అది చేప సూరిమి వల్ల రాదు గాని, రుచి కోసం కలిపే దినుసుల దారిన రావచ్చు. కొన్ని కంపెనీలు పీతను ఉడికించి తీసిన సారం కలుపుతాయి, కొన్ని నిజమైన పీత మాంసాన్నే కాస్త వేస్తాయి. కాబట్టి ‘ఇమిటేషన్’ అని రాసి ఉన్నంత మాత్రాన పీత అసలు లేదని అర్థం కాదు. 2017లో ప్రచురితమైన ఒక యూరప్ అధ్యయనంలో సూరిమి ఉత్పత్తుల డీఎన్‌ఏను పరీక్షిస్తే, కొన్నింటిలో లేబుల్‌పై చెప్పని మొలస్క్ జాతుల ఆనవాళ్లు కూడా దొరికాయి. గట్టి అలర్జీ ఉన్నవాళ్లు, ఒకసారి తిన్నా ఏమీ కాలేదన్న లెక్క చూసుకోకుండా, దీన్ని పూర్తిగా మానేయడమే క్షేమం.

గుడ్డు పడనివాళ్లకు తెల్లసొన అడ్డు. ముక్కకు తెల్లదనం, గట్టితనం ఇవ్వడానికి దాన్ని వేస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని చేపల కండలోని ఎంజైములు 50, 60 డిగ్రీల వేడి దగ్గర ప్రొటీన్‌ను తినేసి ముద్దను మెత్తబరుస్తాయి. తెల్లసొన ఆ ఎంజైములను అణుస్తుంది. గంజిపిండిని బంగాళదుంప నుంచో, కర్రపెండలం నుంచో, గోధుమల నుంచో తీస్తారు. గోధుమదైతే సీలియాక్ జబ్బున్నవాళ్లు దూరంగా ఉండాలి. సోయా ప్రొటీన్ కలిపే కంపెనీలూ ఉన్నాయి.

రక్తపోటు, కిడ్నీ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లది వేరే లెక్క. నూరు గ్రాముల ముక్కల్లో ఉప్పు కంపెనీని బట్టి దాదాపు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములదాకా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన పరిమితి అయిదు గ్రాములు. కిడ్నీ రోగులకు ఫాస్ఫేట్ కూడా ముఖ్యమే. పదార్థంలో సహజంగా ఉన్న ఫాస్ఫేట్ కంటే, విడిగా కలిపినది ఒంటికి తేలిగ్గా పడుతుంది. మధుమేహం ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది పిండిపదార్థం సంగతి. నూరు గ్రాముల పీత మాంసంలో అది దాదాపు ఉండదు, ఇందులో 15 గ్రాముల వరకు ఉంటుంది. ప్రొటీన్ కూడా అంతే దూరం. ఉడికించిన పీతలో 18, 20 గ్రాముల ప్రొటీన్ ఉంటే ఇందులో ఏడెనిమిది గ్రాములే. ప్రొటీన్ కోసం దీన్ని కొనడం లాభసాటి బేరం కాదు.

గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు భయపడాల్సింది ముక్కను చూసి కాదు, దాన్ని నిల్వ చేసిన తీరును చూసి. అలాస్కా పొలాక్‌లో పాదరసం తక్కువ. ప్యాకెట్‌లోనే ఉడికించిన సరుకు మూతపడి ఉన్నంతకాలం చల్లగా ఉంచితే ఇబ్బంది ఉండదు. ప్యాకెట్ విప్పాక, లేదా సలాడ్ కౌంటర్‌లో గంటల తరబడి ఉంచాక, లిస్టీరియా బ్యాక్టీరియా చేరవచ్చు. అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. వీళ్లు ముక్కలను ఆవిర్లు వచ్చేదాకా వేడిచేసుకుని తినాలి. విప్పిన ప్యాకెట్‌ను రోజుల తరబడి దాచకూడదు. ఉబ్బిన ప్యాకెట్‌ను రుచి చూడటం కూడా ప్రమాదమే.

లేబుల్ చదివే పద్ధతి కష్టమేమీ కాదు. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. ‘చేప సూరిమి, నీళ్లు, గోధుమ పిండిపదార్థం, తెల్లసొన, చక్కెర, ఉప్పు, పీత సారం, రంగు’ అని ఉందనుకుందాం. ఈ ఒక్క వరుసలోనే చేప, గోధుమ, గుడ్డు, పీత పడనివాళ్లు నలుగురూ ఆగిపోవాలి. మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం చేప, పీతజాతి జీవులు, గుడ్డు, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, సోయా, పాలు వంటి అలర్జీ కారకాలను లేబుల్‌పై తప్పనిసరిగా చెప్పాలి. ‘ఐ.ఎన్.ఎస్. 120’ కనిపిస్తే అది కార్మైన్. కొచినీల్ పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు అది, అరుదుగా కొందరికి పడదు. శాకాహారులు వంటకం పేరు చూసి మోసపోకుండా ప్యాకెట్ మీద గోధుమ రంగు త్రికోణం చూసుకోవాలి.

రెస్టారెంట్‌లో లేబుల్ కనిపించదు. కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లు వడ్డించే మనిషిని ‘ఇందులో పీత ఉందా?’ అని అడిగితే సరిపోదు. వంటగదిలోని ప్యాకెట్‌ను చూపించమని అడగాలి, చూపించలేకపోతే ఆ వంటకం వద్దనాలి. తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో మాత్రలతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.