ఫిల్టర్ ఎంత నెమ్మదిగా ఉండవచ్చు: గెయిన్ కాని రాశితో రూట్ లోకస్

ఫీడ్‌బ్యాక్ ఉన్న వ్యవస్థలో ఒక రాశిని క్రమంగా మారుస్తూ పోతే లక్షణ సమీకరణం మూలాలు సంకీర్ణ తలంలో కదులుతాయి. అవి నడిచిన బాటే రూట్ లోకస్. మూలం ఎడమవైపు ఎంత దూరంగా ఉంటే కుదుపు అంత త్వరగా అణుగుతుంది. వాస్తవ అక్షానికి పైనా కిందా ఎంత దూరంగా ఉంటే ఊగిసలాట అంత వేగంగా సాగుతుంది. మూలం కల్పిత అక్షాన్ని దాటి కుడివైపుకు వెళ్లిందంటే ఆ ఊగిసలాట ఇక తగ్గదు, పెరుగుతూనే పోతుంది. నార్త్ అమెరికన్ ఏవియేషన్‌లో పనిచేసిన వాల్టర్ ఇవాన్స్ 1948లోనూ 1950లోనూ ప్రచురించిన వ్యాసాల ద్వారా ఈ బాటను చేత్తో గీసే పద్ధతి ఇంజనీర్లకు అందింది. పాఠ్యపుస్తకాల్లో అది దాదాపు ఎప్పుడూ గెయిన్‌ను మారుస్తూనే కనిపిస్తుంది.

గెయిన్ ఇంజనీరు చేతిలో ఉంటుంది. మోటారు బేరింగుల్లోని రాపిడి, తిరిగే బరువు, కొలిచే పరికరం వెనక ఉన్న ఫిల్టర్ ఆలస్యం అలా చేతిలో ఉండవు. వాడుకతోనో వేడితోనో అవి మారుతుంటాయి, లేదా మరొక అవసరం కోసం మార్చాల్సి వస్తుంది. వాటి ప్రభావం చూడటానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. లక్షణ సమీకరణాన్ని హారాలు లేకుండా రాసి, మారే రాశి ఉన్న పదాలను ఒకవైపు, లేని పదాలను మరోవైపు పోగు చేయాలి. తర్వాత మొత్తాన్ని ఆ రాశి లేని భాగంతో భాగించాలి. అప్పుడు ఆ రాశి సరిగ్గా గెయిన్ ఉండే చోటికి వచ్చి కూర్చుంటుంది, పాత నియమాలన్నీ యథాతథంగా పనిచేస్తాయి.

ఒక పెద్ద యాంటెన్నాను కావలసిన కోణానికి తిప్పే మోటారును తీసుకుంటే, దాని బదిలీ ప్రమేయం సుమారుగా K/(s(s+a)). ఇందులో a అంటే రాపిడిని జడత్వంతో భాగించగా వచ్చేది, అంటే ప్లాంటులోని ఒక పోల్ స్థానం. ఫీడ్‌బ్యాక్ కలిపాక లక్షణ సమీకరణం ఇది:

s² + as + K = 0

గెయిన్ K మారితే మూలాలు మొదట వాస్తవ అక్షం మీద ఒకదానికొకటి ఎదురొస్తాయి. కలిశాక −a/2 దగ్గరి నిలువు గీత మీద పైకీ కిందికీ విడిపోతాయి. a మారినప్పటి కథ వేరు. సమీకరణాన్ని s²+K తో భాగిస్తే

1 + a·s/(s² + K) = 0

వస్తుంది. K విలువ 4 అనుకుంటే, రాపిడి లేనప్పుడు మూలాలు కల్పిత అక్షం మీద ±2j దగ్గర ఉంటాయి. రాపిడి పెరిగేకొద్దీ అవి 2 వ్యాసార్థం ఉన్న వృత్తం మీదుగా ఎడమకు సాగి, a = 4 దగ్గర −2 వద్ద కలుస్తాయి. ఆ తర్వాత ఒకటి మరింత ఎడమకు పోతుంది, రెండోది సున్న వైపు వెనక్కి జరుగుతుంది. అందుకే రాపిడి మితిమీరితే ఊగిసలాట పోయినా యాంటెన్నా లక్ష్యాన్ని చేరడానికి చాలా సమయం తీసుకుంటుంది. వ్యవస్థ ఒక్కటే, అయినా మార్చిన రాశిని బట్టి ఒక బాట నిలువు గీత, మరొకటి వృత్తం.

అసలు చిక్కు ఫిల్టర్‌తో వస్తుంది. కోణాన్ని కొలిచే సెన్సర్ నుంచి వచ్చే సంకేతంలో గోల ఎక్కువగా ఉంటే, దాన్ని నునుపు చేయడానికి 1/(Ts+1) రూపంలో ఒక ఫిల్టర్ పెడతారు. T అనే టైమ్ కాన్‌స్టంట్ పెద్దదైతే సంకేతం ఇంకా నునుపుగా వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. a = 1, K = 2 అనుకుని T ఎంతవరకు పెంచవచ్చో చూడాలి. లక్షణ సమీకరణం s(s+1)(Ts+1) + 2 = 0. T ఉన్న పదాలను విడదీస్తే:

1 + T·s²(s + 1)/(s² + s + 2) = 0

ఇక్కడ లవం మూడో ఘాతం, హారం రెండో ఘాతం. మామూలు రూట్ లోకస్‌లో ఇలా ఉండదు కాబట్టి మొదటిసారి చూసినవారు లెక్క తప్పిందని అనుకుంటారు. తప్పేమీ లేదు. T సున్న అయినప్పుడు రెండు మూలాలే ఉంటాయి. ఫిల్టర్ రాగానే మూడోది ఎడమవైపు అనంతదూరం నుంచి వాస్తవ అక్షం మీదుగా లోపలికి వస్తుంది, T పెరిగేకొద్దీ −1 వైపు సాగుతుంది. కంప్యూటర్‌లో గీయాలంటే లవహారాలను తిరగేసి, T బదులు 1/T ని మారే రాశిగా తీసుకోవడం తేలిక:

```
s = tf('s');
L = (s^2 + s + 2)/(s^2*(s + 1));
rlocus(L)
```

ఈ బొమ్మలో గెయిన్ అని కనిపించే సంఖ్య 1/T. దాన్నే T అని చదివితే నిర్ణయం పూర్తిగా తలకిందులవుతుంది.

ఫిల్టర్ లేనప్పుడు ముఖ్యమైన మూలాల జంట −0.5 ± 1.32j దగ్గర ఉంటుంది, డాంపింగ్ నిష్పత్తి 0.35. T = 0.1 సెకను చేస్తే జంట −0.39 ± 1.34j కు జరుగుతుంది, నిష్పత్తి 0.28 కు పడిపోతుంది. 0.5 సెకను దగ్గర వాస్తవ భాగం −0.1 మాత్రమే, నిష్పత్తి 0.085. యాంటెన్నా లక్ష్యం చుట్టూ చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. T = 1 దగ్గర సమీకరణం (s+2)(s²+1) = 0 అవుతుంది, అంటే జంట సరిగ్గా కల్పిత అక్షం మీద నిలుస్తుంది. అది దాటాక జంట కుడివైపే ఉండి, T ఎంత పెరిగినా ఎడమకు తిరిగి రాదు. చివరికి సున్నను చేరువవుతుంది, అదీ కుడివైపు నుంచే. రౌత్ పరీక్ష కూడా ఇదే హద్దు చెబుతుంది. K ఒకటి కన్నా ఎక్కువైతే T విలువ 1/(K−1) కన్నా తక్కువ ఉండాలి. K ఒకటి గానీ అంతకు తక్కువ గానీ అయితే ఎంత నెమ్మది ఫిల్టర్ పెట్టినా వ్యవస్థ అస్థిరం కాదు, కానీ T పెరిగేకొద్దీ ఊగిసలాట అణగడం బాగా ఆలస్యమవుతుంది.

ఆ హద్దు కన్నా విలువైనది బాట మొదలయ్యే చోటున్న వాలు. T సున్న దగ్గర దాన్ని లెక్కిస్తే వాస్తవ భాగం T తో సమానంగా కుడికి జరుగుతుందని తేలుతుంది, అంటే 0.1 సెకనుకు 0.1. పైన కనిపించిన −0.5 నుంచి −0.39 దాదాపు అదే. వ్యవస్థ అస్థిరం కావడానికి 1 సెకను దాకా వ్యవధి ఉన్నా, అందులో పదో వంతుకే డాంపింగ్‌లో అయిదో వంతు పోయింది. స్థిరత్వపు హద్దును మాత్రమే చూసి ఫిల్టర్ ఎంచుకుంటే ఈ నష్టం కంటికి కనపడదు.

ఈ బొమ్మను చదవడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. s²(s+1) నుంచి వచ్చిన జీరోలు భాగహారం వల్ల పుట్టినవే. అవి T పెరిగితే మూలాలు ఎటు వెళ్తాయో చెబుతాయి, అంతే. యాంటెన్నా కదలిక ఆకారాన్ని ప్రభావితం చేసే జీరోలు అసలు బదిలీ ప్రమేయంలోవి. సెన్సర్ వెనక ఫిల్టర్ ఉంటే −1/T దగ్గర ఒక నిజమైన జీరో ఉంటుంది, అది ఈ బొమ్మలో ఎక్కడా కనిపించదు.

పద్ధతికి ఒక కచ్చితమైన షరతు ఉంది: మారే రాశి సమీకరణంలో మొదటి ఘాతంలోనే ఉండాలి. సమీకరణం రాసే తీరును బట్టి ఇది కొన్నిసార్లు మరుగున పడుతుంది. మోటారు జడత్వం J మారితే పై సమీకరణంలో a, K రెండూ మారతాయి, పద్ధతి పనికిరాదనిపిస్తుంది. మొత్తాన్ని J తో గుణించి Js² + bs + k = 0 అని రాస్తే J ఒక్క పదంలోనే మిగులుతుంది. ఒకే T ఉన్న ఫిల్టర్లు రెండు వరుసగా పెడితే మాత్రం T² తప్పదు. అప్పుడు ఒక్కో T విలువకు మూలాలను విడిగా లెక్కించి చుక్కలు కలపాలి. వేర్వేరు రాశులు రెండు మారుతుంటే ఒకదాన్ని కొన్ని విలువల దగ్గర స్థిరంగా ఉంచి, రెండోదానితో ఒక్కో బాట గీస్తారు. అలా వచ్చే గీతల గుంపును రూట్ కాంటూర్లు అంటారు.