కారు అమ్మారు సరే, యాప్ మాటేమిటి?

ఛార్లెస్ హెండర్సన్ 2017 నాటికి ఐబీఎంలో సైబర్ భద్రతా నిపుణుడు. తన పాత కన్వర్టిబుల్ కారును డీలర్‌కు ఇచ్చేసేటప్పుడు అందులోని ఫోన్ నంబర్లు తుడిచేశాడు, జత చేసిన ఫోన్లన్నీ విడదీశాడు. ఏళ్లు గడిచినా ఆయన ఫోన్‌లోని యాప్‌లో ఆ కారు అలాగే కనిపిస్తోంది. ఎక్కడుందో చూడగలడు, తలుపుల తాళం తీయగలడు. 2017 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన భద్రతా సదస్సు వేళ ఆయన ఈ సంగతి బయటపెట్టాడు. కారులో చెరపవలసినవన్నీ చెరిపినా, ఈ కారు ఫలానా వాడిదని కంపెనీ సర్వర్‌లో ఉన్న నమోదు మాత్రం చెరగలేదు.

మన దగ్గర ఈ సమస్య ఇప్పుడు మొదలవుతోంది. హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్, కియా సెల్టోస్ 2019లో ఇ-సిమ్‌తో సహా మార్కెట్లోకి వచ్చాయి. అప్పుడు కొన్నవాళ్లు చాలామంది వాటిని అమ్మేసి కొత్తవి తీసుకుంటున్నారు. ఆ బండ్లు సెకండ్ హ్యాండ్ షోరూముల్లో కొత్త యజమానుల కోసం చూస్తున్నాయి.

కారులో సిమ్ ఉంటుంది, అది మీ ఫోన్‌లోని సిమ్ కాదు. కారులోపలి చిన్న పెట్టెలో బిగించి ఉంటుంది. ఆ పెట్టె కారు ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది. సర్వర్‌లో ఆ ఛాసిస్ నంబరు పక్కన మీ మొబైల్ నంబరు రాసి ఉంటుంది. మీరు ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే పోయేది యాప్ ఒక్కటే, ఆ రాత కాదు. ఆర్టీఓ కార్యాలయంలో ఆర్‌సీ పేరు మారినా ఆ మార్పు సర్వర్ దాకా తనంతట తాను వెళ్లదు. రవాణాశాఖ పుస్తకం వేరు, కంపెనీ పుస్తకం వేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ఒకాయన తన వెన్యూను ఖమ్మంలో ఉన్న ఒకామెకు అమ్మారు. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి. రాష్ట్రం మారుతోంది కాబట్టి ఎన్ఓసీ కోసం ఫారం 28 కూడా పెట్టారు. ఇన్సూరెన్స్ కాగితాలు ఇచ్చారు, ఫాస్టాగ్ మూసేశారు. అంతా పద్ధతిగానే చేశారు. నెల తర్వాత ఖమ్మంలో ఆమె కారు తలుపు సరిగా వేయకపోతే గుంటూరులో ఆయన ఫోన్ మోగుతుంది. ఆమె రోజూ ఎక్కడ పార్కింగ్ చేస్తోందో ఆయనకు కనిపిస్తుంది. ఆయన చూడకపోవచ్చు, కానీ చూడగలిగే వీలుండటమే తప్పు. దానికన్నా పెద్దది మరొకటుంది. ఇలాంటి కార్లు కొన్నిటిలో లోపలి అద్దం మీద ఎస్‌ఓఎస్ అనే ఎర్ర మీట, దాని పక్కనే రోడ్డు సాయానికి ఆర్‌ఎస్‌ఏ మీట ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేంత గట్టిగా గుద్దుకుంటే కాల్ సెంటర్‌కు తనంతట తానే కబురు వెళ్లే ఏర్పాటూ ఉంది. సూర్యాపేట దగ్గర ఆమెకు ప్రమాదం జరిగిందనుకోండి. కాల్ సెంటర్‌లో ఉన్నాయన తెర మీద కనిపించేది గుంటూరు ఆయన పేరు, అత్యవసర నంబరుగా ఆయన భార్య నంబరు. కబురు అందవలసిన ఇల్లు ఖమ్మంలో ఉంటే, ఫోన్ మోగేది గుంటూరులో.

అందుకే ఈ పని తాళాలు చేతులు మారే రోజునే, ఇద్దరూ కారు దగ్గర ఉండగా జరగాలి. సెల్లార్‌లో వద్దు. అక్కడ సిగ్నల్ లేకపోతే కారు నుంచి వెళ్లిన రద్దు ఆజ్ఞ సర్వర్‌కు చేరదు. బయట ఆరుబయట కారు నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి. ముందుగా యాప్‌లో మీరు ఎవరెవరికి అనుమతి ఇచ్చారో చూడండి. కొడుకు, డ్రైవర్, ఊళ్లో బావమరిది, ఇలా ఒక్కొక్కరినీ తీసేయండి. డిజిటల్ కీ ఉంటే దాన్నీ రద్దు చేయండి. తర్వాత కారు తెరలోని సెట్టింగ్స్‌లో ఆ కనెక్టెడ్ సేవ పేరు కింద సేవ నిలిపేసే ఆప్షన్ వెతకండి. మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి. అది అయ్యాక యాప్‌లోంచి కారును తొలగించండి. ఫ్యాక్టరీ రీసెట్ చివరన చేయాలి. దాంతో నావిగేషన్‌లోని మీ ఇంటి అడ్రసు, కాల్ జాబితా పోతాయి. చాలామంది ముందే రీసెట్ కొట్టి పని అయిపోయిందనుకుంటారు. రీసెట్ కారును శుభ్రం చేస్తుంది, సర్వర్‌ను కూడా శుభ్రం చేస్తుందన్న హామీ మాత్రం లేదు.

పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి రెండు చూపులు చాలు. మీ యాప్‌లోంచి బయటికి వచ్చి, ఓటీపీతో మళ్లీ లోపలికి వెళ్లండి. కారు కనిపించకూడదు. తర్వాత కొనుగోలుదారే సేవా కేంద్రానికి ఫోన్ చేసి, ఛాసిస్ నంబరు చెప్పి, ఈ బండి మీద ఇంకా ఏదైనా ఖాతా ఉందా అని అడగాలి. ఓటీపీ అన్నాను కదా, అక్కడ ఒక చిక్కుంది. నమోదు చేసిన ఫోన్ నంబరు మీ చేతిలో లేకపోతే ఖాతా తెరవలేరు. అమెరికా నుంచి తిరిగి వచ్చేసే మనవాళ్లు అక్కడి నంబరు వదిలేశాక కారు ఖాతా గుర్తొచ్చి అవస్థ పడేది ఇక్కడే. నంబరు ఇంకా పనిచేస్తుండగానే ఇవన్నీ ముగించుకోవాలి.

ఇక రోడ్డు సాయం సభ్యత్వం. అన్నిటినీ ఒకేలా రద్దు చేయకూడదు. కారు ఇన్సూరెన్స్‌లో యాడ్-ఆన్‌గా తీసుకున్నది పాలసీతో పాటే వెళుతుంది. కొన్నవారు పాలసీని తమ పేరుకు మార్చుకుంటే వాళ్లకే దక్కుతుంది. చట్టప్రకారం ఆ మార్పు కోసం కొన్నవారు 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. వారంటీతో వచ్చినది సాధారణంగా ఛాసిస్ నంబరుకే కట్టి ఉంటుంది, కాబట్టి రద్దు చేయడం కన్నా కొత్త యజమాని వివరాలు ఇవ్వడం మేలు. వేరే సంస్థకు ఏడాదికోసారి కట్టే సభ్యత్వమే అమ్మేవారు తేల్చుకోవాల్సింది. అది బండికా, మనిషికా అన్నది సభ్యత్వ పత్రంలో చూడాలి. అమెరికాలో ట్రిపుల్ ఏ మనిషికి ఇచ్చే సభ్యత్వం. కారు అమ్మినా అది ముగియదు, ఆపమని మీరు చెప్పేదాకా పునరుద్ధరణ సాగవచ్చు.

డబ్బులు ఆటో పేలో పోతుంటే సంస్థకు చెప్పడంతో సరిపెట్టుకోకండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోగానీ, కార్డు ఇచ్చిన బ్యాంకులోగానీ ఆ అనుమతిని మీరే రద్దు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఏడాదికోసారి వచ్చే ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని వదిలేస్తే డబ్బు పోతుంది.

అమ్మినాయన దొరక్కపోతే, లేదా దొరికినా పట్టించుకోకపోతే కొన్నవారు ఏం చేయాలి? తన పేరు మీదికి మారిన ఆర్‌సీ, గుర్తింపు కార్డు పట్టుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి పాత ఖాతా తీయించమని రాసివ్వాలి. కానీ ఆర్‌సీ చేతికొచ్చేదాకా ఈ దారి సులువు కాదు, రాష్ట్రం మారిన బండికి ఆ ఎదురుచూపు ఇంకా ఎక్కువ. కాబట్టి డెలివరీ రసీదులో తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగు రాసుకునే చోటే ఇంకొక వాక్యం చేర్చి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి: 'కనెక్టెడ్ ఖాతా నుంచి ఈ వాహనం తొలగించడమైనది, నా దగ్గర దీనికి ఎలాంటి యాప్ అనుమతీ లేదు.'