ఒక్క ఆర్డరు, రెండు కోతలు

ఆ రాత్రి మిక్సీ జార్ కోసం ఓ ఆన్‌లైన్ దుకాణంలో 1,249 రూపాయలు యూపీఐలో కట్టాను. పిన్ కొట్టాక చక్రం తిరిగి తిరిగి, చెల్లింపు జరగలేదని దుకాణం పేజీ చెప్పింది. మళ్లీ కట్టాను. ఆర్డరు ఖాయమైంది. తీరా చూస్తే ఖాతాలోంచి అదే మొత్తం రెండుసార్లు పోయింది.

ఇలాంటప్పుడు ముందు యూపీఐ యాప్‌లో మొదటి చెల్లింపు తెరిచి చూడాలి. విఫలమైందనో, ఇంకా తేలలేదనో ఉంటే డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నిబంధన ప్రకారం, డబ్బు పోయి దుకాణానికి ధ్రువీకరణ అందకపోతే, చెల్లించిన రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.

నా యాప్‌లో మాత్రం రెండూ విజయవంతమనే ఉన్నాయి. అంటే రెండు చెల్లింపులూ దుకాణం వైపుకే చేరాయి. కాకపోతే మొదటిదాని కబురు ఆలస్యంగా అందడంతో అది ఏ ఆర్డరుకూ జతపడలేదు. అది దుకాణాన్ని అడిగి రాబట్టుకోవాల్సిన డబ్బు.

అడిగేటప్పుడు ‘డబ్బులు రెండుసార్లు పోయాయి’ అంటే సరిపోదు. తేదీ ఒకటే, మొత్తం ఒకటే. దుకాణం వాళ్లు ఆర్డరు నంబరు కొట్టి చూస్తే ఒకే చెల్లింపు కనిపిస్తుంది, ‘అంతా సరిగ్గానే ఉంది’ అంటారు. రెండింటినీ వేరుచేసి చూపేవి సమయం, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు. బ్యాంకు ఎస్సెమ్మెస్ ఆలస్యంగా రావచ్చు కాబట్టి సమయాన్ని యాప్‌లోంచే తీసుకోవాలి. నేనిలా రాశాను:

“ఈ ఆర్డరుకు 1,249 రూపాయల చొప్పున రెండుసార్లు చెల్లింపు జరిగింది: మొదటిది రాత్రి 9:14కు, రెండోది 9:17కు. రెండు రిఫరెన్స్ నంబర్లు, స్క్రీన్‌షాట్లు జతచేశాను. ఆర్డరుకు జతపడని చెల్లింపును వెనక్కి పంపండి. ఆర్డరు రద్దు చేయవద్దు.”

ఆ చివరి వాక్యం తప్పనిసరి. ఆర్డరు రద్దు చేస్తే దానికి జతపడిన డబ్బు మాత్రమే తిరిగొస్తుంది. వస్తువూ పోతుంది, అదనంగా పోయిన డబ్బు అక్కడే ఉండిపోతుంది.

ఫిర్యాదును దుకాణం యాప్‌లోనే పెట్టాలి. గూగుల్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. డబ్బు తిరిగి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. ఎవరైనా కొట్టమన్నారంటే అది మోసమే.

దుకాణం ‘పంపేశాం’ అంటే రిఫండ్ రిఫరెన్స్ నంబరు అడగాలి. దాన్ని బట్టి బ్యాంకు ఆ జమ ఎక్కడుందో వెతకగలదు. దుకాణం ఒప్పుకోకపోతే అవే రెండు సమయాలతో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

నాకు నాలుగో రోజున 1,249 జమైంది. 9:14 నాటి చెల్లింపు కింద ‘రిఫండ్’ అని కనిపించాకే ఫిర్యాదు మూసేశాను.