గులాబీ ఫొటో కింద నాలుగు ముక్కలు

రాజమహేంద్రవరం దాటి జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి, కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. కడియం మొక్కలని మనం పిలిచేవి ఇక్కడివే. నల్ల పాలిథీన్ కవర్లలో, లారీల మీద ఊరూరా తిరుగుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీధి చివరి నర్సరీవాళ్లు వాటిని దించుకుని, నీడలో సర్ది, శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో ఒక ఫొటో పెడతారు. దాని కింద క్యాప్షన్ చాలాసార్లు ఇలా ఉంటుంది:

“రంగురంగుల గులాబీలు! శని, ఆదివారాల్లో బంపర్ ఆఫర్! స్టాకు ఉన్నంత వరకే! త్వరపడండి!”

జనం వస్తారు, మొక్కలు అమ్ముడవుతాయి. మూడు వారాలకు వాటిలో కొన్ని ఎండిపోతాయి. కొన్నవాళ్లు “మా చేతికి మొక్కలు బతకవండీ” అనుకుని మళ్లీ ఆ వైపు వెళ్లరు. తగ్గింపు చూసి వచ్చేవాళ్లలో మొదటిసారి మొక్క కొనేవాళ్లు ఎక్కువ. పెంపకం తెలిసినవాళ్లకు క్యాప్షన్‌తో పనిలేదు. కాబట్టి ఆ నాలుగు ముక్కలూ తెలియనివాళ్ల కోసమే రాయాలి. అందులో ఏం రాయాలో తెలియాలంటే ముందు కవరులో ఏముందో చూడాలి.

అంటు గులాబీనే తీసుకుందాం. కవరు చింపితే వేళ్ల చుట్టూ బిగుసుకున్న జిగట మట్టిగడ్డ కనిపిస్తుంది. అది ప్రయాణం కోసం పెట్టిన మట్టి. లారీ కుదుపులకు విడిపోదు, దారిలో తొందరగా ఆరిపోదు. కుండీలోకి వచ్చాక ఆ గుణమే చిక్కు తెస్తుంది. కోకోపీట్ ఎక్కువగా ఉన్న తేలిక మట్టిలో ఈ గడ్డను అలాగే దించితే, పోసిన నీళ్లు గడ్డ చుట్టూ జారి అడుగు రంధ్రంలోంచి పోతాయి. పైకి కుండీ తడిగానే ఉంటుంది, గడ్డ లోపల మాత్రం పొడిబారుతుంది. తిరిగి కుండీ అంతా బరువైన మట్టే నింపి రోజూ నీళ్లు పోస్తే, ఆ గడ్డ ఎప్పటికీ ఆరదు. వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి.

రెండు సందర్భాల్లోనూ ఆకులు వాడి వేలాడతాయి. వాడిన ఆకు చూడగానే మన చెయ్యి చెంబు మీదికే వెళ్తుంది. అక్కడ ఆగి, మొదలు దగ్గర వేలు దింపి చూడాలి. మట్టి పొడిగా ఉంటే దాహం, నీళ్లు పోస్తే సాయంత్రానికి తేరుకుంటుంది. మట్టి తడిగా ఉండి కూడా ఆకు వాడి, కింది ఆకులు పసుపు తిరుగుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. ఇంకో చెంబు పోస్తే మొక్క చేజారుతుంది. “రోజూ నీళ్లు పోయండి” అనే మాట క్యాప్షన్‌లో ఉండకూడదనేది ఇందుకే.

ఇప్పుడు ఆ ఫొటో కిందే ఇలా రాశారనుకుందాం:

“అంటు గులాబీ, ఐదు రంగులు. 120 రూపాయల మొక్క ఈ శని, ఆదివారాల్లో 90. ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకు.
రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటు ఉంటేనే తీసుకోండి.
ఇంటికి తెచ్చాక వారం పాటు కవరులోనే ఉంచండి, పొద్దుటి ఎండ చాలు. ఆ తర్వాత ఒక సాయంత్రం 12 అంగుళాల కుండీలోకి మార్చండి.
పైన అంగుళం మట్టి ఆరాకే నీళ్లు. కుండీలోకి మార్చిన నెల వరకు గుళికల ఎరువు వద్దు.”

ఏ మొక్క, ఎంత, ఎప్పుడు అన్న మూడూ మొదటి వరుసలోనే ఉన్నాయి. ఫోన్‌లో పొడవాటి క్యాప్షన్ మొత్తం ఒకేసారి కనబడదు, మిగతాది వేలితో తెరిస్తేనే వస్తుంది. “యాభై శాతం వరకు తగ్గింపు” అని రాస్తే దేని మీద అని అడగాలి. పాత ధర పక్కనే కొత్త ధర ఉంటే ఆ ప్రశ్నే రాదు.

ఎండ మాట రాస్తే కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వాలి. ఉత్తరం వైపు బాల్కనీలో పెట్టిన గులాబీ ఆకులేస్తుంది, సాగుతుంది, మొగ్గ మాత్రం తొడగదు. అలాంటి ఇంటికి మనీప్లాంటో స్నేక్‌ప్లాంటో ఇస్తే ఇద్దరికీ మంచిది.

వారం ఆగమనడానికీ కారణముంది. నర్సరీలో పచ్చని షేడ్‌నెట్ కింద ఉన్న మొక్కను తెచ్చిన రోజే మేడ మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకుల అంచులు మాడతాయి. చోటు మారినందుకే నాలుగాకులు రాలతాయి, దానికి కంగారు పడక్కర్లేదు. కొమ్మ పచ్చగా ఉండి, కణుపుల దగ్గర ఎర్రటి చిగురు కనిపిస్తే మొక్క నిలదొక్కుకున్నట్టే. కుండీలోకి మార్చేటప్పుడు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే చాలు. పచ్చి పేడ వేయకూడదు, వేడికి వేళ్లు దెబ్బతింటాయి. కవరు కోశాక గడ్డను చిదమకుండా, పైపొరను మాత్రం వేళ్లతో కాస్త వదులు చేసి దించితే నీళ్లు లోపలికి దిగే దారి దొరుకుతుంది. అంటు కట్టిన బుడిపె మట్టికి పైనే ఉండాలి. దాని కింద నుంచి వేరే రంగు ఆకులతో పిలక లేస్తే అది గులాబీకి వేరునిచ్చిన అడవి రకం. తుంచకపోతే బలమంతా అదే లాగేసుకుంటుంది. ఇదంతా క్యాప్షన్‌లో పట్టదు. కవరుకు కట్టే చిన్న చీటీ మీద రాయొచ్చు, బిల్లు వేసేటప్పుడు నోటితోనూ చెప్పొచ్చు.

కొనేవాళ్లు ఫొటోలోని పువ్వును కాక ఎదుట ఉన్న మొక్కను చూడాలి. విచ్చుకున్న నాలుగు పూలున్న ఒంటికొమ్మ మొక్క కన్నా, మూడు నాలుగు కొమ్మలుండి మొగ్గలతో ఉన్నది మేలు. ఆకు తిరగేసి చూడండి. అడుగున సన్నని బూజులాంటి దారాలు, చుక్కల్లాంటి పురుగులు ఉంటే ఎర్రనల్లి. చవకగా వస్తోందని తెస్తే ఇంట్లో ఉన్న మొక్కలకూ అంటుకుంటుంది. కవరు అడుగు చిల్లుల్లోంచి వేళ్లు గుంపుగా బయటికి వచ్చి ఉంటే ఆ మొక్క అందులో చాలాకాలంగా ఉన్నట్టు. అది తీసుకోకూడనిదేమీ కాదు గానీ, వారం ఆగకుండా త్వరగా కుండీ మార్చాలి. అలాంటివి అమ్మేటప్పుడు “పాత స్టాకు, వెంటనే కుండీ మార్చాలి” అని రాసి 60కి ఇవ్వడంలో తప్పులేదు. తెగులు పట్టినదాన్ని మాత్రం ఏ ధరకూ అమ్మకానికి పెట్టకూడదు.

ఈ క్యాప్షన్‌నే ఏడాదంతా అతికించడం కుదరదు. జూలై ముసురులో నాలుగు రోజులు నీళ్లు పోయకపోయినా నడుస్తుంది. అప్పుడు “కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి” అన్నది పనికొచ్చే మాట. మే నెలలో మేడ మీది చిన్న కుండీకి రెండు పూటలా నీళ్లు కావాల్సి రావచ్చు. కుదిరితే ఆ నెలలో గులాబీ అమ్మకం పక్కనపెట్టి, ఎండకు ఓర్చుకునే నందివర్ధనం, కాగితంపూలు పెట్టి, వాటికి తగ్గ నాలుగు ముక్కలు రాసుకోవడం మంచిది. గులాబీ ఫొటో తొలకరి పడ్డాక పెట్టినా కొనేవాళ్లు ఉంటారు, కొన్న మొక్కా బతుకుతుంది.