చివరి మూడు సెకన్లలో బిందె మెరవాలంటే

అటక మీంచి దించినప్పుడు అది ఇత్తడి బిందె అని మా ఇంట్లో పిల్లలెవరూ నమ్మలేదు. పొట్టంతా నల్లబడి, మెడ చుట్టూ పచ్చటి కిలుము పట్టి ఉంది. తోమితే మెరుస్తుందని నాకు తెలుసు కాబట్టి ఒక షార్ట్ తీశాను. అది 48 సెకన్లు వచ్చింది. 30వ సెకనుకే బిందె తళతళలాడింది, మిగతా పద్దెనిమిది సెకన్లూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి, చూసినందుకు ధన్యవాదాలు చెప్పాను. యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఎక్కడిదాకా ఉన్నారో చూపించే గీత సరిగ్గా 30 దగ్గరే కిందికి జారిపోయింది. వాళ్లకు కావలసింది దొరికింది, వెళ్లిపోయారు.

'ముందు–తర్వాత' వీడియోలతో ఉన్న చిక్కు ఏమిటంటే, ముగింపు అందరికీ ముందే తెలుసు. నల్ల బిందె చూపించామంటే అది మెరవబోతోందన్నమాటే. అందుకని మెరుపును ఆఖరికి జరిపినంత మాత్రాన సరిపోదు, మెరుపుతోపాటు వాళ్లు ఎదురుచూడనిది మరొకటి ఉండాలి. మా బిందెకు అది ఉంది. పుట్టింటివాళ్లు సారెగా ఇచ్చేటప్పుడు దాని మెడ మీద అమ్మమ్మ పేరు చుక్కచుక్కలుగా కొట్టించారు. మసి కింద అది ఎవరికీ కనపడదు. రెండోసారి పక్కింటి వాళ్ల అటక మీది ఇలాంటి బిందె అడిగి తెచ్చుకున్నాను, దాని మెడ మీద వాళ్ల నాయనమ్మ పేరుంది. ఈసారి కాగితం మీద మొదట రాసుకున్నది ఆఖరి షాటే: నీళ్లు పోయగానే మెడ, మెడ మీద పేరు, మూడు సెకన్లు. పేరు చదవడానికి ఆ మాత్రం కావాలి, అంతకు మించితే సాగదీసినట్టుంటుంది.

అక్కడినుంచి వెనక్కి వచ్చాను. మొత్తం 28 సెకన్లు. మొదటి రెండు సెకన్లలో నల్ల బిందె, మాటలేమీ లేవు. మూడో సెకనులో చింతపండు ముద్దతో పొట్ట మీద బొటనవేలంత మేర రుద్దితే పసుపు గీత పడుతుంది. ఇది చూపిస్తే గుట్టు ముందే బయటపెట్టినట్టు కాదా అని మా చెల్లెలు అడిగింది. కాదు. ఇందులో విషయం ఉందని నమ్మకం కలిగించేంత మాత్రమే అది. మెడ వైపు మాత్రం కెమెరా వెళ్లకూడదు.

మధ్య పద్దెనిమిది సెకన్లలో ఒక్కో పనికి రెండేసి సెకన్లు: చింతపండు నానబెట్టడం, ఉప్పు కలపడం, పీచుతో తోమడం, నల్లటి నీళ్లు కారడం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది నల్లటి పొరను కరిగిస్తుంది. కానీ అన్నీ సాఫీగా సాగిపోతే చూసేవాళ్ల వేలు పైకి జరుగుతుంది. కిలుము మొదటి రుద్దుడుకి రాలేదు, ఆ షాట్ తీసేయకుండా ఉంచాను. వస్తుందా రాదా అన్న సందేహమే వాళ్లను మిగతా సగం కూర్చోబెడుతుంది.

23వ సెకనుకు బిందె మొత్తం చింతపండు పిప్పితో కప్పేసి ఉంటుంది. రుద్దుడు చప్పుడు ఆపేశాను, అర సెకను నిశ్శబ్దం. తర్వాత మొదటి నల్ల షాట్ ఒక్క సెకను మళ్లీ. ఇది లేకపోతే ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చామో కన్ను మరిచిపోతుంది. అప్పుడు నీళ్ల చప్పుడు, పేరు.

ఈ పోలిక నిలవాలంటే రెండు షాట్లూ ఒక్కచోట, ఒక్క ఎత్తులో, ఒక్క వెలుగులో తీయాలి. ట్రైపాడ్ కాళ్ల దగ్గరా బిందె అడుగు చుట్టూ నేలమీద సుద్ద గీత గీశాను, ఫోన్ తెరను నొక్కిపట్టి వెలుతురూ ఫోకసూ మారకుండా లాక్ చేశాను. ముందుది చీకట్లో, తర్వాతది ఎండలో తీస్తే జనం ఇట్టే పట్టేస్తారు, నిజంగా తోమిన చెయ్యి కూడా మోసం చేసినట్టే కనిపిస్తుంది. ముందు షాట్ నాలుగైదు సార్లు తీసి చూసుకున్నాకే చింతపండు ముట్టాలి. ఒకసారి తోమాక నల్ల బిందె మళ్లీ దొరకదు. ఆఖరి షాట్ కూడా నీళ్లు పోయగానే అయిపోవాలి. తడి అలాగే ఆరిపోతే మచ్చలు పడతాయి.

పేరు కింది భాగంలో కాకుండా తెర మధ్యకు కాస్త పైన పడేలా చూసుకున్నాను. కిందా కుడి పక్కనా యాప్ రాతలూ బొమ్మలూ కప్పేస్తాయి. ధన్యవాదాలు తీసేశాను. షార్ట్ ముగియగానే దానంతట అదే మొదలవుతుంది. మెరిసే మెడ ఉన్నచోటే మళ్లీ నల్ల మెడ వచ్చి నిలబడుతుంది. రెండోసారి చూసేవాళ్ల కళ్లు ఆ మసిలో పేరు కోసం వెతుకుతాయి.